కార్డు ఫోటో గ్రూపులో పెట్టేవాళ్లకు, దాన్ని చూసి టైపు కొట్టేవాళ్లకు



ఈసారి నేను రాసేది కొందరికి కోపం తెప్పిస్తది. తెప్పిస్తే తెప్పించనీయండి. మన గ్రూపులో ఒక అలవాటు పాతుకుపోయింది. ఎవరికైనా కష్టం వచ్చిందంటే ముందుగా వాళ్ల ఐడీ కార్డు ఫోటో, పాస్‌పోర్టు ఫోటో, ఆసుపత్రి రిపోర్టు ఫోటో గ్రూపులో పడతయి. ఆ తర్వాత ఎవరో ఒకరు ఆ ఫోటో చూసి పేరు, నంబరు, ఊరు, జబ్బు అన్నీ టైపు చేసి కింద పెడతరు. "డిటైల్స్ రాసిన, ఎవరన్నా సాయం చేయండి" అంటరు. రాసినాయన మనసు మంచిదే. కానీ ఆయన చేసిన పని మంచిది కాదు. ఇది ఆపాలె అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మొదట ఒక తమ్ముని సంగతి చెప్తా. పేరు చెప్పను, క్యాంపు చెప్పను. ఆయన షటరింగ్ కార్పెంటర్. ఒంట్లో నీరసంగా ఉందని ఒక క్లినిక్‌లో రక్తం పరీక్ష చేయించుకున్నాడు. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో ఉంది. చదవడం రాక, ఫోటో తీసి మనలాంటి ఒక గ్రూపులో పెట్టి "అన్నా, ఇందులో ఏముందో జర తెలుగులో రాయండి" అన్నాడు. ఒకాయన పది నిమిషాల్లో రాసి పెట్టాడు. షుగర్ ఇంత, రక్తం ఇంత, చివర్లో "హెపటైటిస్ బి పాజిటివ్".

ఆ రిపోర్టులో నిజంగా ఉన్నది రెండు లైన్లు. ఒకటి HBsAg, దాని ఎదురుగా Non Reactive. రెండోది Anti-HBs, దాని ఎదురుగా Reactive. మొదటిది ఒంట్లో ఆ వైరస్ ఉందా లేదా అని చూసే పరీక్ష. అది Reactive వస్తే జబ్బు ఉన్నట్టు. రెండోది ఆ జబ్బును ఆపే శక్తి ఒంట్లో ఉందా లేదా అని చూసే పరీక్ష. మొదటిది Non Reactive ఉండి ఈ రెండోది Reactive వస్తే మంచిదే. టీకా వేయించుకున్నోళ్లకు అట్లనే వస్తది. ఈ తమ్ముడు ఇండియాలో ఉన్నప్పుడు మూడు డోసులూ వేయించుకున్నాడు. అంటే ఆయనకు జబ్బు లేదు, రాకుండా రక్షణ ఉంది. రాసినాయన రెండో లైన్‌లో Reactive అనే మాట చూసి, దాన్ని పాజిటివ్ చేసి, పాజిటివ్‌ను జబ్బు చేశాడు.

ఆ రాత్రే రూమ్‌లో ఆయన ప్లేటు, గ్లాసు వేరే పెట్టారు. మెస్‌లో పక్కన కూర్చునేవాళ్లు లేచిపోయారు. అసలు ఆ జబ్బు ఉన్నా కూడా కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే అంటదు. అది రక్తం ద్వారా, శారీరక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తది. కానీ ఆ మాట వినేది ఎవరు? గ్రూపులో ఆయన ఊరోళ్లు ఇద్దరున్నారు. మూడో రోజుకు మెసేజి ఊరికి చేరింది. కుదిరిన పెండ్లి సంబంధం ఆగిపోయింది. వారం తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకపోతే, ఆయన రిపోర్టు చూసి నవ్వి, "నీకేం జబ్బు లేదు, పో" అన్నాడు. గ్రూపులో తప్పు దిద్ది మళ్లీ మెసేజి పెట్టారు. మొదటి మెసేజిని ఫార్వర్డ్ చేసినోళ్లలో ఒక్కడన్నా రెండోదాన్ని ఫార్వర్డ్ చేశాడా? చేయలేదు.

ఇది విని మనోళ్లు ఏమన్నారో తెలుసా? "ఇంగ్లీషు సరిగ్గా వచ్చినోడు రాస్తే ఇట్ల అయ్యేది కాదు" అన్నారు. నా గొడవ అక్కడే. తప్పు రాయడం ఒక్కటే తప్పు అనుకుంటున్నారు. ఒకవేళ ఆ తమ్మునికి నిజంగానే జబ్బు ఉంది, రాసినాయన అక్షరం పొల్లు పోకుండా రాశాడు అనుకుందాం. అప్పుడు గ్లాసు వేరే పెట్టడం న్యాయమా? సంబంధం పోవడానికి మన గ్రూపు కారణం కావడం న్యాయమా? ఆయన రక్తంలో ఏముందో డాక్టరుకు తెలియాలె, ఆయనకు తెలియాలె. ఆయన చెప్పాలనుకున్నోళ్లకు ఆయనే చెప్పుకుంటడు. రెండు వందల యాభై మందికి చెప్పే హక్కు మనకు ఎవరిచ్చారు? "ఆయనే పెట్టిండు కదా" అంటారు. ఆయన చదవడం రాక పెట్టాడు. అందులో ఏముందో తెలిస్తే పెట్టేవాడా?

ఇప్పుడు కార్డు సంగతికి వస్తా. "రిపోర్టు అంటే సరే, ఐడీ నంబరుతో ఏమైతది? అది గేటు దగ్గర సెక్యూరిటీ చూస్తడు, సిమ్ కార్డు షాపోడు చూస్తడు, అందరూ చూసేదే కదా" అని నాతో చాలామంది వాదించారు. వాళ్లకు ఒక పాత సంగతి గుర్తు చేస్తా.

2020 మే నెల. కరోనా రోజులు. బయటికి అడుగు పెట్టాలంటే ఫోన్‌లో ఎహ్తెరాజ్ యాప్ ఉండాలె అని మే 22 నుంచి రూలు పెట్టారు. లేకపోతే 2 లక్షల రియాళ్ల దాకా ఫైను, మూడేళ్ల దాకా జైలు అన్నారు. పచ్చ రంగు చూపించకపోతే దుకాణంలోకి కూడా రానియ్యలేదు, మీకూ గుర్తుండే ఉంటది. సరిగ్గా అప్పుడే ఆమ్నెస్టీ అనే అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థలోని కంప్యూటర్ నిపుణులు ఆ యాప్‌లో ఒక పెద్ద రంధ్రం కనిపెట్టారు. యాప్ వెనకాల ఉన్న కంప్యూటర్‌కు ఒక ఐడీ నంబరు పంపితే చాలు, ఇంకేమీ అడగకుండా ఆ మనిషి వివరాలు పంపేది. పేరు, ఆరోగ్యం రంగు, ఎక్కడ క్వారంటైన్‌లో ఉన్నాడో ఆ జాగా కూడా. పాస్‌వర్డు లేదు, ఓటీపీ లేదు. 10 లక్షల మందికి పైగా వివరాలు అట్ల బయటపడి ఉన్నయి. వాళ్లు 21వ తారీఖున అధికారులకు చెప్పారు, అధికారులు మరునాడే పేర్లు, జాగాలు తీసేశారు, తర్వాత యాప్‌ను కూడా సరిచేశారు. తొందరగా సరిచేశారు, ఆ మాట ఒప్పుకోవాలె.

కానీ మనం నేర్చుకోవాల్సింది వేరే. నంబరు తెలియనోడు కూడా ఆ వివరాలు తీయగలిగేవాడు. ఎట్ల? మన ఐడీ నంబరు ఇష్టం వచ్చినట్టు పడే లాటరీ నంబరు కాదు. దానికి ఒక వరుస ఉంది. మీ కార్డు తీసి చేతిలో పెట్టుకోండి, చూపిస్తా.

మొత్తం 11 అంకెలు. మొదటి అంకె మీరు పుట్టిన శతాబ్దం. 2000 కంటే ముందు పుట్టినోళ్లకు 2, ఆ తర్వాత పుట్టినోళ్లకు 3. తర్వాత రెండు అంకెలు పుట్టిన సంవత్సరం. తర్వాత మూడు అంకెలు దేశం, ఇండియా వాళ్లకు 356. మిగిలింది చివరి 5 అంకెలు. అంటే 1990లో పుట్టిన మన మనిషి నంబరు 290356 అని మొదలైతది. మీ వయసు తెలిసిన ఎవడికైనా మొదటి 6 అంకెలు తెలిసినట్టే. అసలు దాగి ఉన్నది ఆ చివరి 5 మాత్రమే.

ఇక్కడే మనోళ్లు తెలివి చూపిస్తామని దెబ్బ తింటున్నారు. ఇండియాలో ఆధార్ దాచేటప్పుడు ముందు 8 అంకెలు కొట్టేసి చివరి 4 చూపిస్తరు. మాస్క్‌డ్ ఆధార్ అంటే అదే. అది చూసి, గ్రూపులో లిస్టు పెట్టేటప్పుడు ఇక్కడి ఐడీకి కూడా ముందు అంకెలకు చుక్కలు పెట్టి చివరి 5 చూపిస్తున్నారు. "దాచిన కదా" అంటున్నారు. ఏం దాచినవ్ అన్నా? అందరికీ తెలిసిన 6 దాచి, ఎవరికీ తెలియని 5 చూపించినవ్. పక్కన వయసు కూడా రాసినవ్. తాళం వేసి, తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టు ఉంది. లిస్టులో ఒక మనిషిని గుర్తుపట్టడానికి పేరు, చివరి 2 అంకెలు చాలు.

పాస్‌పోర్టు దగ్గర కూడా ఇదే సంగతి. పైన నంబరు మీద వేలు పెట్టి ఫోటో తీస్తారు. కింద బాణం గుర్తులతో రెండు లైన్లు ఉంటయి కదా, వాటిని వదిలేస్తారు. ఆ రెండు లైన్లలోనే మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తారీఖు, గడువు తారీఖు అన్నీ మళ్లీ ఉంటయి. మిషన్ చదవడానికి పెట్టారు గాని, మనిషి కూడా చదువుకోవచ్చు.

నంబరుతో ఏమైతది అంటే ఇదీ అయితది. ఒకడు ఫోన్ చేసి "మీ ఐడీ బ్లాక్ అయింది" అంటే మీరు నవ్వి పెట్టేస్తారు. అదే వాడు మీ పూర్తి పేరు, 11 అంకెలు, కంపెనీ పేరు, కార్డు గడువు తారీఖు చదివి, "రెన్యూవల్ ఆగింది, ఇప్పుడొచ్చిన ఓటీపీ చెప్పండి" అంటే? నమ్ముతారు. ఆ మాటలన్నీ వాడికి ఎక్కడివి అనుకుంటున్నారు? మన గ్రూపులో ఎవరో టైపు కొట్టి పెట్టినవే కావచ్చు. ఫోటోలో ఉన్నప్పుడు ఒక్కొక్కటి చూసి ఎక్కించుకోవాలె. టైపు చేసి పెట్టినంక కాపీ కొట్టుకుంటే చాలు. అందుకే ఫోటో కంటే టైపు చేసిన లిస్టు ఇంకా ప్రమాదం.

నేను పత్తిత్తును కాదు. నా తప్పు కూడా చెప్తా. సూపర్‌వైజర్‌ను కాబట్టి కొత్త సైటుకు పోయినప్పుడల్లా గేటు పాసుల కోసం మా వాళ్ల కార్డులు ఫోటో తీసుకునేవాణ్ణి. పని అయినంక తీసేయలేదు, మళ్లీ పనికొస్తయి అని అట్లనే ఉంచిన. ఒకరోజు ఫోన్ స్క్రీన్ పగిలి రిపేరుకు ఇచ్చిన. షాపాయన లాక్ అడిగాడు, చెప్పిన. రూమ్‌కు వచ్చి కూర్చున్నంక గుర్తొచ్చింది, అందులో రెండు వందలకు పైన కార్డులు ఉన్నయి, ముందూ వెనకా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ షాపాయన మంచోడే కావచ్చు. కానీ ఎవరన్నా తీసుకున్నారా లేదా అని తెలుసుకునే దారి నాకు లేదు. ఆ రెండు వందల మందికి ఆ సంగతి ఇప్పటిదాకా తెలియదు. ఇప్పుడు ఇది చదివి తెలుసుకుంటరు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్న. మొన్న 14 మందికి గేటు పాసు కావాల్సి వస్తే ఎట్ల చేసిన్నో చెప్తా, మీకు పనికొస్తది.

ముందు పాసు ఇచ్చే ఆఫీసాయనను అడిగిన, మీకు ఏమేం కావాలె అని. పేరు, ఐడీ నంబరు, గడువు తారీఖు, పని. నాలుగే. కార్డు వెనక ఉన్న పాస్‌పోర్టు నంబరు ఆయనకు అక్కర లేదు. అక్కర లేనిదాన్ని నేను రాయలేదు, చూడను కూడా లేదు. సాయంత్రం డ్యూటీ అయినంక ఒక్కొక్కరినీ కార్డు పట్టుకొని రమ్మన్న. కార్డు చూసి నేరుగా రాసిన, ఫోటోనే తీయలేదు. అందరూ అయ్యేసరికి అరగంట పట్టింది.

ఇద్దరు వేరే సైటులో ఉన్నారు, రాలేకపోయారు. వాళ్లను కార్డు ముందు వైపు మాత్రమే ఫోటో తీసి, గ్రూపులో కాదు, నా ఒక్కడికే పంపమన్న. నంబరును ముక్కలు చేసి రాసిన: ఒకటి, రెండు, మూడు, ఐదు. రాసినంక చూసుకున్న. మొత్తం 11 ఉన్నయా? రెండు మూడు అంకెలు కార్డు మీదున్న పుట్టిన సంవత్సరంతో కలుస్తున్నయా? తర్వాత 356 ఉందా? ఒకప్పుడు నేను 356 బదులు 536 కొట్టిన. ఆ మనిషిని గేటు దగ్గర ఆపేశారు, సగం రోజు జీతం పోయింది. ఈ లెక్క తెలిసుంటే అప్పుడే దొరికేది. చివరి 5 అంకెలకు ఇట్లాంటి లెక్క లేదు. అందుకని వాళ్లకు ఫోన్ చేసి, కార్డు చూసి చదవమని చెప్పి నా రాతతో సరిచూసుకున్న. వాయిస్ మెసేజి పెట్టమనలేదు, అది కూడా ఫోన్లలో మిగిలిపోతది. గడువు తారీఖు దగ్గర, పుట్టిన తారీఖును గడువు అనుకొని రాసేది మామూలుగా జరిగే తప్పు, అది కూడా చూసుకున్న.

చూశారా, "తర్వాత సరిచూసుకోవడానికి ఫోటో ఉండాలె" అనే మాట అబద్ధం. రాసినప్పుడే సరిచూసుకుంటే తర్వాత ఫోటోతో పని లేదు. కాబట్టి ఫోటో చాట్‌లో తీసేసిన, గ్యాలరీలో తీసేసిన, ట్రాష్‌లో కూడా తీసేసిన. ట్రాష్‌లో కొన్ని వారాలు అట్లనే ఉంటది, అది చాలామందికి తెలియదు. గూగుల్ ఫోటోస్ ఆన్‌లో ఉంటే అక్కడికి కూడా ఒక కాపీ పోతది, అది కూడా చూడాలె. పాసులు చేతికొచ్చిన రోజు ఆ లిస్టు కూడా తీసేసిన. ఇదంతా గ్రూపులో పెట్టి ఉంటే తీసేయగలనా? "అందరికీ డిలీట్" కొడితే చాట్‌లో పోతది, అది కూడా రెండు రోజులు దాటితే కుదరదు. అప్పటికే గ్యాలరీలో దాచుకున్నోడి దగ్గర అట్లనే ఉంటది.

ఇప్పుడు పెద్ద ప్రశ్న. ఒక అన్న నన్ను నిలదీశాడు: "మనిషి చనిపోయిండు. ఊర్లో పెండ్లాం పిల్లలు ఏడుస్తున్నరు. శవం పంపాలె. ఇప్పుడు కూడా నీ ప్రైవసీ అంటవా?" అంటా అన్నా, అప్పుడే ఇంకా గట్టిగా అంటా. శవం పంపడానికి కాగితాలు కావాలె, నిజమే. అవి ఎవరికి కావాలె? కంపెనీ మందూబ్‌కు, దోహాలోని మన ఎంబసీకి, ఎంబసీ కింద పనిచేసే ఐసీబీఎఫ్ వాళ్లకు. వాళ్లకు నేరుగా పంపండి, ఒక్క మనిషి బాధ్యత తీసుకొని పంపండి. గ్రూపులో ఉన్న మిగతావాళ్లకు ఆ పాస్‌పోర్టు చివరి పేజీ ఎందుకు? అందులో తల్లి పేరు, తండ్రి పేరు, భార్య పేరు, ఇంటి అడ్రసు ఉంటయి. భర్త పోయిన ఆడమనిషి పేరు, ఇల్లు ఊరూరా తిరుగుతున్నయి. "మీకు ఇన్సూరెన్సు డబ్బు వచ్చింది, ముందు ఇంత ఫీజు కట్టండి" అని ఆమెకే ఫోన్ వస్తే బాధ్యత ఎవరిది?

గ్రూపులో రాయాల్సింది ఇంతే: "ఫలానా జిల్లా మనిషి చనిపోయాడు, కాగితాలు ఫలానా వాలంటీర్ చూస్తున్నాడు, సాయం చేసేవాళ్లు ఆయనకు ఫోన్ చేయండి." ఒక్క సందర్భం వేరే ఉంది. చనిపోయిన మనిషి ఇంటివాళ్లు ఎవరో దొరకనప్పుడు పేరు, ఊరు నలుగురికీ చెప్పక తప్పదు. అప్పుడు పేరు, ఊరు చెప్పండి. నంబర్లతో ఊరోళ్లు ఏం గుర్తుపడతరు?

ఈ దేశం చట్టం కూడా ఒకటి చెప్పాలె. ఖతర్‌లో మనుషుల వ్యక్తిగత వివరాల కోసం 2016లోనే చట్టం వచ్చింది, 13వ నంబరు చట్టం. అందులో ఆరోగ్యం సంగతులను ప్రత్యేక రకం కింద పెట్టారు. వాటిని ముట్టుకోవాలంటే సంబంధిత శాఖ అనుమతి కావాలె. ఫైన్లు లక్షల రియాళ్లలో ఉన్నయి. సొంతానికి, ఇంట్లో వాడుకునేదానికి అది వర్తించదని కూడా అందులోనే ఉంది. నేను వకీలును కాదు. కానీ రెండు వందల యాభై మంది ఉన్న గ్రూపును "మా ఇల్లు" అని ఏ కోర్టులో చెప్పుకుంటాం?

కాబట్టి వచ్చే శుక్రవారం మీటింగులో నేను ఈ మాటలు పెడతా, ఒప్పుకుంటారో లేదో మీ ఇష్టం. కార్డు గాని, పాస్‌పోర్టు గాని, రిపోర్టు గాని గ్రూపులో పడితే అడ్మిన్ వెంటనే తీసేయాలె, పెట్టినోణ్ణి తిట్టకుండా విడిగా ఫోన్ చేసి మాట్లాడాలె. ఒక కేసుకు ఒక్క మనిషే కాగితాలు చూడాలె, అడిగినంతే రాయాలె, పని అయినంక తీసేసిన అని ఆ కాగితాల మనిషికి చెప్పాలె. రిపోర్టులను మాత్రం గ్రూపులో ఎవ్వరూ తెలుగులోకి రాయొద్దు. చదవడం రానోళ్లతో ఒకరు డాక్టరు దగ్గరికి పోవాలె. పోవడం కుదరక రాసుకోవాల్సి వస్తే పరీక్ష పేరు, ఫలితం, పక్కన ఉన్న మామూలు అంకెలు ఎట్ల ఉన్నయో అట్లనే, ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలె. మనిషి పేరు ఆ కాగితం మీద ఉండొద్దు. పాజిటివ్, నెగటివ్, జబ్బు అనే మాటలు మనం కలపొద్దు.

"ఇట్ల చేస్తే పని ఆలస్యం అయితది" అనేవాళ్లకు ఒక్కటే జవాబు. 14 మందికి నాకు పట్టింది అరగంట. ఆ షటరింగ్ తమ్మునికి పది నిమిషాల్లో సాయం చేశాం. ఆయన రూము మార్చుకున్నాడు, గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఒంట్లో బాగా లేకపోయినా ఎవరికీ చెప్పడు.

నా మాట నచ్చకపోతే ఫోన్ చేసి తిట్టండి, వింటా. కానీ ఈ మెసేజి చదివినంక ఒక్క పని చేయండి. మీ ఫోన్ గ్యాలరీ తెరిచి, అందులో ఎవరెవరి కార్డులు ఉన్నయో చూడండి.